మొదటి ఫ్రీలాన్స్ ఆఫర్ వచ్చింది, క్లయింటు పక్కన 'పేమెంట్ వెరిఫైడ్' అని ఉంది. నమ్మి పని మొదలుపెట్టవచ్చా?

లహరి_కాకినాడ

ఈ ఏడాదే బీటెక్ అయింది, సీఎస్ఈ. క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగానికి జాయినింగ్ తేదీ రెండుసార్లు వాయిదా వేశారు. ఖాళీగా కూర్చోలేక అప్‌వర్క్, ఫ్రీలాన్సర్ డాట్ కామ్, ఫైవర్ మూడింట్లోనూ ప్రొఫైల్ పెట్టాను. ఐదు వారాలకి అప్‌వర్క్‌లో ఒక ఆఫర్ వచ్చింది. ఒక పళ్ల డాక్టరు క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ బుకింగ్ వెబ్‌సైట్. ఫిక్స్‌డ్ ప్రైస్, మొత్తం 400 డాలర్లు. 12 రోజుల్లో కావాలట.

క్లయింటు వివరాల్లో Payment method verified అని ఉంది. సైటులో చేరి రెండు నెలలైంది. ఇప్పటిదాకా 55 డాలర్లు ఖర్చు పెట్టాడు. ఒకే ఒక రివ్యూ ఉంది, ఐదు స్టార్లు. కానీ ఆఫర్‌లో మొదటి మైల్‌స్టోన్ 40 డాలర్లే పెట్టాడు. మిగతా 360 గురించి అడిగితే "పని మొత్తం అయ్యాక పెడతాను, నా అకౌంటు వెరిఫైడే కదా, దిగులు పడకు" అన్నాడు.

మా నాన్న అయితే "ముక్కూ మొహం తెలియనివాడికి ఎలా చేసిపెడతావమ్మా" అంటున్నారు. వెరిఫైడ్ అంటే డబ్బు వస్తుందని గ్యారంటీయేనా? ఈ మూడు సైట్లలో కొత్తవాళ్లకి ఏది సేఫ్? ఆఫర్ గడువు ఇంకా మూడు రోజులే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

రామ్_ఫుల్‌స్టాక్

వెరిఫైడ్ ఉంటే భయం లేదు. అప్‌వర్క్‌లో ఎస్క్రో ఉంటుంది, డబ్బు సైటు దగ్గరే ఉంటుంది. క్లయింటు ఎగ్గొట్టినా సైటు ఇస్తుంది. నేను రెండేళ్లుగా చేస్తున్నాను, ఒక్క రూపాయి కూడా పోలేదు. ఒప్పేసుకోండి, మొదటి ఆఫర్ వదులుకుంటే రెండోది ఎప్పుడొస్తుందో తెలియదు.

కరీంనగర్_శ్రీను

వెరిఫికేషన్ తేలికే చెల్లీ. పాస్‌పోర్టు గానీ డ్రైవింగ్ లైసెన్సు గానీ పెట్టి, వెలుతురు బాగా ఉన్నచోట సెల్ఫీ దిగాలి. ప్రొఫైల్‌లో పేరు, కార్డు మీద పేరు ఒకటే ఉండాలి. నాకు ఇంటిపేరు తేడా వచ్చి రెండుసార్లు రిజెక్ట్ అయింది.

లహరి_కాకినాడ

శ్రీను అన్నా, నా ఐడీ సంగతి కాదు, అది అయిపోయింది. క్లయింటు వెరిఫైడ్ అంటే అర్థం ఏమిటని అడుగుతున్నాను.

పాతకాపు_వైజాగ్

రామ్ గారు చెప్పినదాంట్లో సగం నిజం. మిగతా సగం నమ్మితే లహరికి నష్టం జరుగుతుంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. నేను తొమ్మిదేళ్లుగా ఈ పని మీదే బతుకుతున్నాను.

Payment method verified అంటే ఆ క్లయింటు కార్డో బ్యాంకు ఖాతానో జతచేశాడు, అది పనిచేస్తుందని సైటు చూసుకుంది, అంతే. అతను ఎవరు, క్లినిక్ నిజంగా ఉందా, కార్డులో 400 డాలర్లు ఉన్నాయా, ఇచ్చే ఉద్దేశం ఉందా అన్నవాటి గురించి ఆ మాట ఏమీ చెప్పదు.

ఎస్క్రో వేరే సంగతి. క్లయింటు ఒక మైల్‌స్టోన్‌కి డబ్బు కడితే అది సైటు చేతిలోకి వస్తుంది. మీ కాంట్రాక్టు పేజీలో ఆ మైల్‌స్టోన్ పక్కన Funded అని కనిపిస్తుంది. అలా కనిపించిన మొత్తానికే రక్షణ. తగాదా వస్తే సైటువాళ్లు మధ్యవర్తిగా కూర్చునేది కూడా ఆ డబ్బు గురించే. ఎస్క్రోలోకి రాని డబ్బును వాళ్లు క్లయింటు దగ్గర వసూలు చేసి ఇవ్వరు. రామ్ గారికి ఎప్పుడూ పోలేదంటే, ఆయన క్లయింట్లు ప్రతిసారీ ముందే కట్టి ఉంటారు.

ఇప్పుడు నీ ఆఫర్ చూద్దాం తల్లీ. రోజుకి ఆరు గంటల చొప్పున 12 రోజులు కూర్చుంటే 72 గంటలు. అందులో ఖాయంగా ఉన్నది 40 డాలర్లు, అంటే గంటకి అర డాలరు పైచిలుకు. మిగతా 360 అతని నోటిమాట. అతను మోసగాడని నేను అనడం లేదు. కానీ ఇలా ఒప్పుకుంటే అతను మంచివాడా కాదా అన్నది నీ పని మొత్తం అతని చేతికి వెళ్లాకే నీకు తెలుస్తుంది.

రామ్_ఫుల్‌స్టాక్

ఒప్పుకుంటున్నాను సార్. ఇప్పుడే నా పాత కాంట్రాక్టులు తీసి చూశాను, అన్నీ ముందే ఫండ్ అయినవే. నేను ఎప్పుడూ గమనించలేదు. లహరి గారూ, నా మొదటి పోస్టు పక్కన పెట్టండి.

బే_ఏరియా_బాబాయ్

నేను అవతలి పక్షం నుంచి చెబుతాను. మా చిన్న కంపెనీ కోసం క్లయింటుగా అకౌంటు తెరిచాను. ఈమెయిలు పెట్టి, క్రెడిట్ కార్డు జతచేశాను. కాసేపటికే వెరిఫైడ్ అని వచ్చేసింది. నేను తెరిచినప్పుడు పాస్‌పోర్టు అడగలేదు, కంపెనీ కాగితాలూ అడగలేదు. ఆ మాట చూసి అవతల పిల్లలు ఇంత ధైర్యపడతారని నాకు ఈరోజే తెలిసింది.

ఇంకోటి. మైల్‌స్టోన్‌కి ముందే డబ్బు కట్టడం క్లయింటుకి ఏమంత కష్టం కాదు. 400 ఒకేసారి కట్టడానికి వెనకాడటంలో అర్థం ఉంది, కొత్త అమ్మాయి పని ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి. కానీ ముక్కలుగా కట్టమంటే కూడా వద్దంటే అనుమానించాల్సిందే.

నెల్లూరు_నవీన్

ఈ తలనొప్పంతా ఎందుకు? మన ఊళ్లో షాపులు, క్లినిక్‌లు, కాలేజీలు లేవా? సగం అడ్వాన్సు ఫోన్‌పేలో వేయించుకో, పని మొదలుపెట్టు. మనిషి కళ్లముందు ఉంటాడు. సైటుకి కమిషన్ లేదు, డాలరు రేటు గొడవ లేదు. నేను అలాగే 14 వెబ్‌సైట్లు చేశాను.

సిరి_కంటెంట్

నవీన్ గారూ, మిగతా సగం ఎన్నిసార్లు పూర్తిగా వచ్చింది?

నెల్లూరు_నవీన్

14లో 11 సార్లు. మూడు ఇంకా తిరుగుతున్నాను. అయినా నా పద్ధతే మేలంటాను. ఆ మూడింట్లోనూ సగం నా చేతికి వచ్చింది కదా. లహరి ఆఫర్‌లో వందకి పది రూపాయలే ముందు వచ్చేది.

పాతకాపు_వైజాగ్

అది మాత్రం నిజం, నవీన్. ఎస్క్రో కూడా అడ్వాన్సు లాంటిదే, కాకపోతే మూడోవాడి చేతిలో ఉంటుంది.

లహరి_కాకినాడ

అంకుల్, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. "ఆయన్ని ఇంకా అడుగు" అన్నారు. అయితే ఆఫర్ వదిలేయమంటారా? లేక 400 ముందే పెట్టమని అడగమంటారా?

పాతకాపు_వైజాగ్

రెండూ వద్దు. నాలుగు ముక్కలు చెయ్యి. ఆఫర్‌ను అలాగే ఒప్పుకోకుండా, మైల్‌స్టోన్లు మార్చమని మెసేజ్ పెట్టు. నేనైతే ఇలా అడుగుతాను: పేజీల డిజైన్ 60, పేషెంట్‌కి కనిపించే పేజీలు 120, బుకింగ్ పనిచేసే భాగం 140, సర్వర్‌కి ఎక్కించి అప్పగించడం 80. మొత్తం అదే 400. ఒక్కొక్కటి Funded అని కనిపించాకే ఆ ముక్క మొదలుపెడతానని మర్యాదగా, స్పష్టంగా రాయి. ఇలా అయితే ఎప్పుడు చెడినా నీకు పోయేది మహా అయితే ఒక ముక్క పని.

ఏ ముక్కకి ఏమి అప్పగిస్తావో కూడా అందులోనే ఉండాలి. "వెబ్‌సైట్ డిజైన్" అని వదిలేయకు. "హోమ్, డాక్టర్ల వివరాలు, బుకింగ్, కాంటాక్ట్, ఈ నాలుగు పేజీల డిజైన్, రెండుసార్లు మార్పులు" అని రాయి. తగాదా వస్తే మధ్యవర్తి చదివేది ఆ వాక్యమే.

కోడ్ మాత్రం డబ్బు విడుదలయ్యేదాకా నీ రిపోజిటరీలోనే ఉంచు. అతను చూసుకోవడానికి నీ సొంత ప్రివ్యూ లింకు ఇవ్వు. చూడటానికి లింకు చాలు, ఫైళ్లు అక్కర్లేదు.

ఇక చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పని అయ్యాక జిప్ ఫైలు చాట్‌లో పంపి "సర్, ప్లీజ్ చెక్" అని ఎదురుచూస్తారు. అప్పుడు గడియారం మొదలవదు. కాంట్రాక్టు పేజీలో పని సమర్పించే బటన్ ఉంటుంది, దాని ద్వారానే పంపాలి. అలా పంపిన రోజు నుంచి క్లయింటుకి 14 రోజుల గడువు. అతను ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే ఆ తరువాత డబ్బు దానంతట అదే విడుదల అవుతుంది. ఆ మీద ఐదు రోజులు సైటు ఆపి ఉంచుతుంది. అంటే 5వ తేదీన పంపితే, క్లయింటు మౌనంగా ఉన్నా 19న విడుదలై 24న నువ్వు తీసుకోవచ్చు. చాట్‌లో పంపితే ఏ తేదీ లేదు.

గుంటూరు_మిర్చి

బటన్ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది! నెల నుంచి ఒకడు "చూస్తాను చూస్తాను" అంటున్నాడు. ఇప్పుడు బటన్ నొక్కవచ్చా?

పాతకాపు_వైజాగ్

ఆ మైల్‌స్టోన్ ఫండ్ అయి ఉంటే ఇప్పుడే నొక్కు. పాత చాట్‌లో పంపిన తేదీ కూడా వివరణలో రాయి.

గుంటూరు_మిర్చి

నొక్కాను. 75 డాలర్లు.

అనూష_భీమవరం

పాతకాపు గారు చెప్పిన గడువులాంటిదే ఇంకోటి ఉంది, అది మనకు ఎదురు తిరుగుతుంది. నాకు జరిగింది, సైటు పేరు చెప్పను. క్లయింటు సగంలో కాంట్రాక్టు ముగించి, ఎస్క్రోలో ఉన్న డబ్బు వాపసు అడిగాడు. నాకు ఈమెయిల్ వచ్చింది. కానీ అప్పుడు అక్క పెళ్లి, పది రోజులు ల్యాప్‌టాప్ తెరవలేదు. తెరిచేసరికి నేను జవాబు ఇవ్వలేదు కాబట్టి డబ్బు అతనికి వెళ్లిపోయింది. పని 90 డాలర్లది, పూర్తిచేసి పంపినదే. అప్పుడు చాలా ఏడ్చాను.

పాతకాపు_వైజాగ్

అనూష చెప్పింది ప్రతి కొత్తవాళ్లూ గుర్తుపెట్టుకోవాలి. అప్‌వర్క్‌లో ఆ గడువు 7 రోజులు. వాపసు అడిగాడని తెలిస్తే ఒప్పుకోవడమో, కాదని తగాదా పెట్టడమో ఆ లోపే చెయ్యాలి. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఫోన్‌లో యాప్ పెట్టుకుని నోటిఫికేషన్లు ఆన్‌లో ఉంచండి. సైటు నుంచి వచ్చే మెయిళ్లు స్పామ్‌లోకి పోతున్నాయేమో చూడండి.

సిరి_కంటెంట్

లహరీ, ఇంకో దారి గంటల లెక్కన కాంట్రాక్టు. ఎస్క్రో బెడద లేదు, వారం వారం బిల్లు అవుతుంది. కానీ అందులో కూడా ఒక మెలిక ఉంది, నేను దానికి బలయ్యాను. ఒక సైటులో గంటకి 8 డాలర్ల ఎడిటింగ్ పని. 30 గంటలు చేశాను. 19 గంటలు ట్రాకర్ నడిపించి చేశాను. 11 గంటలు ప్రింటు తీసుకుని పెన్నుతో దిద్దాను, తరువాత చేత్తో గంటలు నమోదు చేశాను. క్లయింటు అభ్యంతరం పెట్టాడు. ట్రాకర్‌లో ఉన్న 19 గంటలకి 152 డాలర్లు నిలిచాయి. చేత్తో రాసిన 88 డాలర్లు పోయాయి.

పాతకాపు_వైజాగ్

అప్‌వర్క్‌లో కూడా అంతే సిరి గారూ. గంటల పనికి రక్షణ దొరకాలంటే వాళ్ల డెస్క్‌టాప్ యాప్‌తోనే సమయం నమోదు కావాలి. అది గంటకి ఆరు స్క్రీన్‌షాట్లు తీస్తుంది. వాటిలో మనం చేస్తున్న పనే కనిపించాలి, ఏం చేస్తున్నామో చిన్న మెమో రాయాలి. క్లయింటు పెట్టిన వారపు పరిమితి దాటిన గంటలకి రక్షణ లేదు. చేత్తో రాసిన గంటలకీ లేదు. ఇక్కడ కూడా క్లయింటు పేమెంట్ వెరిఫైడ్ అయి ఉండాలి. ఆ మాటకి నిజంగా విలువ ఉన్నది ఇక్కడే.

నెల్లూరు_నవీన్

పది నిమిషాలకోసారి నా స్క్రీన్ ఫొటో తీయడం ఏమిటండీ? ఉద్యోగంలో కూడా ఇంత కాపలా ఉండదు. బ్యాంకు పేజీ తెరిచి ఉంటే?

సిరి_కంటెంట్

నాకైతే ఆ 88 పోయాక కాపలాయే నయమనిపించింది. పని గంటల్లో వేరే పేజీలు తెరవను. పైగా క్లయింటు చూసేలోపు ఏదైనా స్క్రీన్‌షాట్ తీసేయవచ్చు, దాంతోపాటు ఆ పది నిమిషాల డబ్బు కూడా పోతుంది.

నెల్లూరు_నవీన్

నేను ఒప్పుకోను గానీ, ఎవరి ఇష్టం వాళ్లది.

లహరి_కాకినాడ

ఈ క్లయింటు ఫిక్స్‌డే కావాలంటున్నాడు, కాబట్టి ముక్కల పద్ధతే అడుగుతాను. ఫ్రీలాన్సర్ డాట్ కామ్, ఫైవర్ గురించి ఎవరైనా చెప్పరా? అక్కడ కూడా ఇదేనా?

రామ్_ఫుల్‌స్టాక్

ఫ్రీలాన్సర్ డాట్ కామ్‌లో నేను చేశాను, ఇది ఖాయంగా తెలిసిన విషయమే చెబుతాను. ఫిక్స్‌డ్ ప్రాజెక్టు ఒప్పుకోగానే కమిషన్ పడుతుంది, డబ్బు వచ్చాక కాదు. 10 శాతం లేదా 5 డాలర్లు, ఏది ఎక్కువైతే అది. నీ 400 డాలర్ల పని అక్కడ ఒప్పుకుంటే 40 ముందే నీ ఖాతాలో కోత పడుతుంది. క్లయింటు ఒక్క డాలరు కూడా పెట్టకముందే. కాబట్టి అక్కడ "ఒప్పుకుంటున్నాను" అని నొక్కే ముందే మైల్‌స్టోన్ సంగతి తేల్చుకోవాలి.

ఇంకోటి, అక్కడ మైల్‌స్టోన్ మనం కూడా అడగవచ్చు. మనం అడిగింది జాబితాలో కనిపిస్తుంది, దాన్ని చూసి డబ్బు వచ్చేసిందనుకుంటారు. అది మన కోరిక మాత్రమే. క్లయింటు సృష్టించి డబ్బు కట్టినదే అసలు మైల్‌స్టోన్.

అనూష_భీమవరం

నేను ఇప్పుడు ఫైవర్‌లోనే ఉన్నాను. అక్కడ కొనేవాళ్లు ఆర్డరు పెట్టేటప్పుడే మొత్తం కట్టేస్తారు. "తరువాత పెడతాను" అనే మాటే ఉండదు, నాకు నచ్చింది అదే. మనం డెలివరీ ఇచ్చాక మూడు రోజులు వాళ్లు ఏమీ అనకపోతే ఆర్డరు పూర్తయినట్టే. కానీ ఆ డబ్బు చేతికి రావడానికి కొత్తవాళ్లకి ఇంకా 14 రోజులు. కమిషన్ 20 శాతం, వందకి ఎనభై వస్తుంది. కొనేవాళ్ల గురించి మాత్రం మనకు పెద్దగా ఏమీ కనిపించదు. అప్‌వర్క్‌లోలాగా ఎంత ఖర్చుపెట్టాడు, ఎంతమందిని తీసుకున్నాడు అని చూసి నిర్ణయించుకునే వీలు తక్కువ.

బే_ఏరియా_బాబాయ్

కార్డు సంగతి ఒకటి చెప్పాలి. దొంగిలించిన కార్డుతో ఎవరైనా కడితే, అసలు యజమాని తన బ్యాంకుకి చెప్పి డబ్బు వెనక్కి తీసుకుంటాడు. పని అయిపోయాక కూడా ఇది జరగవచ్చు. ఆ నష్టం సైటు భరిస్తుందా, పిల్ల భరిస్తుందా?

పాతకాపు_వైజాగ్

అది సైటును బట్టి, కాంట్రాక్టును బట్టి మారుతుంది బాబాయ్ గారూ. గంటల పనిలో, నిబంధనలన్నీ పాటిస్తే, రక్షణ ఎక్కువ. మిగతాచోట్ల ఒకే మాటలో తేల్చి చెప్పలేను. అందుకే పెద్ద మొత్తం ఒకే క్లయింటు దగ్గర, అదీ కొత్త క్లయింటు దగ్గర పెరగనివ్వకూడదంటాను.

హేమ_టెస్టింగ్

అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. క్లయింటు అసలు మనిషేనా అన్నది కూడా చూడాలి. లహరీ, అతను ఆ క్లినిక్ పేరు చెప్పాడా? చెబితే మ్యాప్‌లో వెతుకు. దానికి ఇప్పటికే వెబ్‌సైట్ ఉంటే డొమైన్ ఎప్పుడు కొన్నారో ఇలా తెలుస్తుంది:

```
whois example.com
```

వచ్చినదాంట్లో Creation Date అనే వరుస చూడు. "ఇరవై ఏళ్లుగా ఉన్న క్లినిక్" అని చెప్పి డొమైన్ పోయిన నెలలో కొన్నదైతే అడగాలి. కొత్త డొమైన్ అయినంత మాత్రాన మోసమని కాదు, అడగడానికి ఒక కారణం, అంతే.

ఇంకా ముఖ్యమైనది. "ఇంతకుముందు ఒకరు సగం చేశారు, ఈ ప్రాజెక్టు నడిపి చూడు" అని కోడ్ పంపితే నీ సొంత కంప్యూటర్లో వెంటనే నడపకు. డెవలపర్లకి ఉద్యోగం, ఫ్రీలాన్స్ పని ఆశ చూపి అలా మాల్‌వేర్ ఎక్కించే ముఠా గురించి పాలో ఆల్టో నెట్‌వర్క్స్ పరిశోధకులు 2023లో వివరంగా రాశారు. నాకూ అలాంటి ఫోల్డరే వచ్చింది. package.json తెరిచి చూస్తే సంబంధం లేని ఫైలు ఒకటి ఇన్‌స్టాల్ అవుతుండగానే నడిచేలా రాసి ఉంది. నేను ఎప్పుడూ ముందు ఇలా చేస్తాను:

```
npm install --ignore-scripts
```

ఇది ఇన్‌స్టాల్ సమయంలో నడిచేవాటినే ఆపుతుంది. ప్రాజెక్టు కోడ్‌లోనే దాచి ఉంటే ఆపదు. అందుకే వర్చువల్ మెషీన్‌లో నడపడం మంచిది.

కరీంనగర్_శ్రీను

అమ్మో, ఇది తెలియదు. మా తమ్ముడిది ఇంకో రకం. డేటా ఎంట్రీ పని అని వాట్సాప్‌లో పరిచయమయ్యారు, అగ్రిమెంటు మీద సంతకం చేయించుకున్నారు. వారం అయ్యాక తప్పులు ఎక్కువ వచ్చాయని, ఆరు వేలు కట్టకపోతే కోర్టు నోటీసు వస్తుందని బెదిరించారు. వాడు భయపడి కట్టబోయాడు. 1930కి ఫోన్ చేసి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాం. మళ్లీ ఫోన్ రాలేదు.

పాతకాపు_వైజాగ్

మంచిపని చేశావు శ్రీనూ. పని ఇచ్చేవాడు మనల్ని డబ్బు కట్టమన్నాడంటే, పేరు డిపాజిట్ అన్నా, ట్రైనింగ్ అన్నా, జరిమానా అన్నా, అక్కడితో ఆపేయాలి.

లహరీ, ఆ ఒక్క రివ్యూ తెరిచి చదివావా? క్లయింటు ఫ్రీలాన్సర్‌కి రాసింది కాదు, ఫ్రీలాన్సర్ క్లయింటు గురించి రాసింది. 55 డాలర్ల పని ఎన్నాళ్లు నడిచిందో కూడా చూడు.

లహరి_కాకినాడ

చదివాను అంకుల్. లోగో పని అది, నాలుగు రోజుల్లో ముగిసింది. "డబ్బు ముందే పెట్టారు, మార్పులు ఎక్కువ అడిగారు" అని ఆ ఫ్రీలాన్సర్ రాశారు. క్లినిక్ మ్యాప్‌లో ఉంది. డొమైన్ 2016లో కొన్నది.

పాతకాపు_వైజాగ్

అయితే మనిషి నిజమే అయి ఉండవచ్చు. మార్పులు ఎక్కువ అడిగే రకం కాబట్టి "రెండుసార్లు" అన్న మాట ప్రతి మైల్‌స్టోన్‌లోనూ రాయడం మరచిపోకు.

లహరి_కాకినాడ

మెసేజ్ పెట్టాను. మొదట "మిగతా అందరూ ఇలా అడగరు" అన్నాడు. పని ముక్కల్ని, ఏ రోజుకి ఏది ఇస్తానో మళ్లీ రాసి పంపాను. రాత్రి ఒంటి గంటకి ఆఫర్ మార్చి పంపాడు. 60 Funded అని ఉంది. మిగతా మూడు జాబితాలో ఉన్నాయి, డబ్బు ఇంకా కట్టలేదు. 12 రోజులు 16 అయ్యాయి. ఒప్పుకున్నాను.

బే_ఏరియా_బాబాయ్

శభాష్ అమ్మా.

లహరి_కాకినాడ

మళ్లీ వచ్చాను. నాలుగో రోజున నాలుగు పేజీల డిజైన్ బటన్ ద్వారానే పంపాను. అతను చాట్‌లో "బుకింగ్ పేజీ రంగులు మార్చు, ఇంకో రెండు పేజీలు కూడా వెయ్యి" అన్నాడు. చాట్‌లో అన్నాడు కాబట్టి 14 రోజుల గడువు ఆగిపోతుందా? ఇంకో రెండు పేజీలు వెయ్యాలా?

పాతకాపు_వైజాగ్

సైటులో మార్పులు కోరే బటన్ ద్వారా అడిగితేనే ఆ గడువు ఆగుతుంది. అప్పుడు నువ్వు మళ్లీ సమర్పించాలి, 14 రోజులు మొదటి నుంచి లెక్క. చాట్ మాటతో ఆగదు. కానీ గడువు నడుస్తోంది కదా అని మాట్లాడకుండా ఉండకు. రంగులు ఒప్పందంలో ఉన్న మార్పే, ఈరోజే చేసి పెట్టు. అదనపు రెండు పేజీలు ఒప్పందంలో లేవు. "తప్పకుండా వేస్తాను, 30 డాలర్లకి కొత్త మైల్‌స్టోన్ పెట్టండి" అని రాయి.

సిరి_కంటెంట్

30 తక్కువ కదా సార్? రెండు పేజీలంటే ఒక రోజు పని.

పాతకాపు_వైజాగ్

నాలుగు పేజీలకి 60 అన్నాం కాబట్టి ఆ లెక్కన చెప్పాను. మొదటి రేటే తక్కువ అంటే కాదనను.

నెల్లూరు_నవీన్

మొదటి పని కదా, రెండు పేజీలు ఊరికే వేసిస్తే ఏం పోయింది? మంచి రివ్యూ వస్తుంది. నేను లోకల్ క్లయింట్లకి అలాగే చేస్తాను, వాళ్లే ఇంకొకరిని పంపుతారు.

అనూష_భీమవరం

ఒకసారి ఊరికే వేస్తే తరువాతి మూడు మైల్‌స్టోన్లలోనూ ఊరికే అడుగుతాడు నవీన్ గారూ. ఆ ఫ్రీలాన్సర్ రివ్యూలో రాసింది అదే కదా.

లహరి_కాకినాడ

రంగులు మార్చి పంపాను. రెండు పేజీలకి 30 అడిగాను, "అయితే ఇప్పుడు వద్దు" అన్నాడు. కోపమొచ్చిందేమో అని రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్న చూస్తే 60 విడుదల చేశాడు. 120 కూడా Funded అని వచ్చింది. ఐదు రోజులు ఆగాలి కదా, బ్యాంకులో పడ్డాక నాన్నకి చూపిస్తాను. ఇప్పుడు పేషెంట్ పేజీలు మొదలుపెడుతున్నాను.

గుంటూరు_మిర్చి

నాది ఇంకా తొమ్మిదో రోజు. అతను ఇప్పటికీ "చూస్తాను" అనే అంటున్నాడు, కానీ ఈసారి తేదీ ఉంది.